హాట్‌స్పాట్ ఇచ్చేది ఫోన్, ఊడ్చేది ల్యాప్‌టాప్

పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ వాడేవాళ్లకు బాగా పరిచయమున్న మెసేజ్ ఒకటుంది. బిల్లు సైకిల్ ఇంకా పది రోజులు మిగిలి ఉండగానే వచ్చిపడుతుంది, మీ డేటా కోటాలో తొంభై శాతం అయిపోయింది అని. చూసిన రీల్స్, విన్న పాటలు ఎంత గుర్తు చేసుకున్నా లెక్క అంతకు రాదు. వెంటనే అనుమానం నెట్‌వర్క్ కంపెనీ మీదికి పోతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గొడవపడేవాళ్లూ ఉన్నారు. చాలా ఇళ్లలో మాత్రం డేటా తాగేసినది బల్ల మీదే ఉంటుంది. అది ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని పనిచేస్తున్న ల్యాప్‌టాప్.

మన దగ్గర ప్రీపెయిడ్‌లో ఎక్కువ ప్లాన్లు రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ చొప్పున ఇస్తాయి. అక్కడ నష్టం ఆ రోజుతో ఆగిపోతుంది. కోటా దాటితే వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, అర్ధరాత్రి దాటాక మళ్లీ మామూలే. నెలవారీ కోటా ఉన్నవాళ్లకు ఆ రక్షణ లేదు. ఒక్క రాత్రిలో పదిహేను జీబీ పోయినా అడ్డుకునేది ఉండదు. మిగిలిన రోజులు నెమ్మదించిన నెట్‌తో నెట్టుకురావాలి, లేదా అదనపు ప్యాక్ కొనాలి.

అసలు తేడా ఎక్కడుందంటే, ఫోన్‌కు తాను మొబైల్ డేటా మీద నడుస్తున్న సంగతి తెలుసు. అందుకే అందులోని యాప్‌లు చాలావరకు కొంచెం ఒద్దికగా ఉంటాయి. ఫొటోల బ్యాకప్ వైఫై కోసం ఆగుతుంది, యాప్ అప్‌డేట్లు కూడా ఆగుతాయి. ల్యాప్‌టాప్‌కు కనిపించేది మాత్రం వైఫై గుర్తు ఒక్కటే. వైఫై అంటే ఇంటి బ్రాడ్‌బ్యాండే అని విండోస్ అనుకుంటుంది. ట్యాంకర్ తెప్పించి నింపిన తొట్టిని మునిసిపల్ కుళాయి అనుకుని బట్టలుతకడం మొదలుపెట్టినట్టు ఉంటుంది దాని వ్యవహారం. అప్‌డేట్లు దించుతుంది, ఫైళ్లను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంది. ఎవరినీ అడగదు, ఎందుకంటే అడగాల్సిన అవసరం ఉందని దానికి ఎవరూ చెప్పలేదు.

చెప్పే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. దాని పేరు Metered connection. అంటే ఇది కొలత మీద వచ్చే నెట్ అని చెప్పే స్విచ్. విండోస్ 11 అయితే ల్యాప్‌టాప్‌ను ముందు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపాలి. తర్వాత Settings తెరిచి Network & internet, అందులో Wi-Fi, అందులో హాట్‌స్పాట్ పేరుతో ఉన్న properties లోకి వెళ్లాలి. కాస్త కిందికి జరిపితే Metered connection కనిపిస్తుంది. దాన్ని On చేస్తే సరి. విండోస్ 10లో కూడా దాదాపు ఇదే దారి, అక్కడ Set as metered connection అని ఉంటుంది. ఆపిల్ మ్యాక్ వాడేవాళ్లకు వెంచురా వెర్షన్ నుంచి ఇలాంటిదే Low Data Mode పేరుతో ఉంది. అది వైఫై సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్ పక్కనుండే Details లో దొరుకుతుంది.

ఆ ఒక్క స్విచ్‌తో మూడు పెద్ద ఖర్చులు ఆగుతాయి. విండోస్ అప్‌డేట్లు తమంతట తాము దిగవు. యంత్రం సజావుగా నడవడానికి తప్పనిసరైన చిన్నవి కొన్ని మాత్రం వస్తాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లు అప్‌డేట్ కాకుండా ఆగుతాయి. వన్‌డ్రైవ్ సింక్ నిలిచిపోయి, మీటర్ నెట్ మీద ఉన్నాను కాబట్టి ఆగాను అని ఓ మూల నోటీసు పెడుతుంది. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. కొత్త విండోస్ ల్యాప్‌టాప్ మొదటిసారి సెట్ చేసేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్ బ్యాకప్‌లో పెట్టుకోవడం మామూలైపోయింది. ఆ తర్వాత పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీద కాపీ చేసిన మరుక్షణం అవి హాట్‌స్పాట్ మీదుగా పైకి బయలుదేరతాయి. కోటాలోంచి తగ్గేది దించుకున్న డేటా మాత్రమే కాదు, పైకి పంపిందీ తగ్గుతుంది.

ఇక్కడ కాలికి తగిలే రాళ్లు కొన్నున్నాయి.

విండోస్ ఈ గుర్తును హాట్‌స్పాట్ పేరుకు తగిలించి దాచుకుంటుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరు మార్చినా, ఇంట్లో మరొకరి ఫోన్ నుంచి నెట్ తీసుకున్నా అది విండోస్ దృష్టిలో కొత్త నెట్‌వర్క్. స్విచ్ మళ్లీ వేయాలి. ఫోన్ కొత్తది కొన్నవాళ్లు పాత హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ అలాగే పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

కేబుల్‌తో ఇంకో చిక్కు. ఫోన్ బ్యాటరీ వేడెక్కకుండా, చార్జింగ్ దిగకుండా ఉంటుందని కొందరు యూఎస్‌బీ టెథరింగ్ వాడతారు. మంచి పనే. అయితే ఆండ్రాయిడ్ ఫోన్‌ను అలా కలిపితే విండోస్‌కు అది వైఫైగా కాక Ethernet గా, అంటే తీగతో వచ్చిన నెట్‌గా కనిపిస్తుంది. వైఫైకి వేసిన స్విచ్ దీనికి వర్తించదు. కేబుల్ పెట్టి ఉండగానే Network & internet లోని Ethernet లోకి వెళ్లి అక్కడి Metered connection ను విడిగా On చేయాలి. వైఫైలో జాగ్రత్తపడి కేబుల్‌లో దొరికిపోయేవాళ్లు ఇందుకే దొరుకుతారు. కేబుల్ పెడితే డేటా తక్కువ ఖర్చవుతుందన్న మాట కూడా ఉంది, అందులో నిజం లేదు. తీగైనా గాలైనా ఫైలు పరిమాణం ఒక్కటే.

మూడోది Windows Update లోపల Advanced options లో ఉంటుంది. Download updates over metered connections అనే స్విచ్ అది. ఎప్పుడో ఒక అవసరానికి దాన్ని On చేసి మర్చిపోతే, పైన చేసిన కట్టడిలో అప్‌డేట్ల సంగతి గాలికి పోయినట్టే. అది Off లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఇంత చేశాక కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ స్విచ్ గేటు కాదు, బోర్డు మాత్రమే. ఇది కొలత నెట్ అని అది చెబుతుంది, వినాలో వద్దో ప్రోగ్రామ్ ఇష్టం. మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రామ్‌లు చాలావరకు వింటాయి. బ్రౌజర్‌లో నడిచే వీడియో వినదు, మీటింగ్ వినదు, పిల్లలు పెట్టుకున్న గేమ్ లాంచర్లు సాధారణంగా వినవు. వాటి సంగతి విడిగా చూడాలి. దానికి ముందు, ఏది ఎంత తాగుతుందో తెలియాలి.

మొదట ఫోన్‌లో చూడాలి. ఆండ్రాయిడ్‌లో మొబైల్ డేటా వాడకం పేజీ తెరిస్తే యాప్‌ల వరుసలోనే హాట్‌స్పాట్, టెథరింగ్ పేరుతో ఒక పద్దు ఉంటుంది. ఆ అంకె ల్యాప్‌టాప్‌తో సహా హాట్‌స్పాట్ పట్టుకున్న పరికరాలన్నీ కలిసి వాడినది. అదే పేజీలో బిల్లు సైకిల్ మొదలయ్యే తారీఖును కంపెనీ బిల్లులో ఉన్నట్టుగా సరిచేసుకోకపోతే ఫోన్ లెక్క, కంపెనీ లెక్క ఎప్పటికీ కలవవు. అయితే ల్యాప్‌టాప్‌లో ఎవరు వాడారన్నది ఫోన్ చెప్పలేదు. అందుకు ల్యాప్‌టాప్‌లో Settings, Network & internet, Advanced network settings, Data usage వరకు వెళ్లాలి. పైన హాట్‌స్పాట్ పేరు ఎంచుకుంటే గత ముప్పై రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో పెద్దది పైనుంచి వరుసగా కనిపిస్తుంది. బ్రౌజర్ పైన ఉంటే వీడియోల మీద అనుమానపడాలి. System అనే పేరు పైన ఉంటే విండోస్ అప్‌డేట్ మీద. గేమ్ లాంచర్ పైన ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. తణుకు దగ్గరి ఊళ్లో ఉంటూ హైదరాబాద్‌లోని ఆడిటర్ ఆఫీసుకు ఇంటి నుంచి పనిచేసే అకౌంటెంట్ ఒకామె ఉన్నారనుకుందాం. నెలకు 60 జీబీ కోటా. ఫోన్‌లో రోజుకు అర జీబీ వాడతారు, నెలకు 15 జీబీ. ల్యాప్‌టాప్‌లో మెయిల్, జీఎస్టీ పోర్టల్, ఎక్సెల్ ఫైళ్లు కలిపి రోజుకు 200 ఎంబీ, 22 పనిరోజులకు 4.4 జీబీ. రోజూ గంటసేపు జూమ్ మీటింగ్.

మీటింగ్ లెక్కకు ఒక చిన్న సూత్రం సరిపోతుంది. సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో గంటసేపు నడిస్తే 450 ఎంబీ అవుతుంది. బిట్లను బైట్లుగా మార్చడానికి ఎనిమిదితో భాగించి, గంటలోని 3600 సెకన్లతో గుణిస్తే వచ్చేది అదే. మంచి నాణ్యత గల గ్రూప్ వీడియో కాల్‌కు జూమ్ సంస్థ చెప్పే అవసరం, పైకి పంపడానికి ఒక మెగాబిట్, దించుకోవడానికి 0.6 మెగాబిట్. రెండూ కలిపి 1.6, అంటే గంటకు 720 ఎంబీ. 22 రోజులకు దాదాపు 15.8 జీబీ.

ఇప్పటికి మొత్తం 35 జీబీ. ఇంకా 25 మిగలాలి. మిగలవు, ఎందుకంటే ఆమె క్లయింట్ల బిల్లులు స్కాన్ చేసి డెస్క్‌టాప్‌లో పెట్టిన ఫోల్డర్ 9 జీబీ, అది వన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి 5 జీబీ దిగింది. సాయంత్రాలు కొడుకు ఆడే గేమ్‌కు కొత్త భాగం వచ్చి లాంచర్ దానంతటదే 12 జీబీ దించింది. కోటా అయిపోయింది. ఈ మూడింటిలో ఒక్కటీ ఆమె కోరి చేసింది కాదు, మూడూ జరుగుతున్నప్పుడు తెర మీద ఏమీ కనపడలేదు కూడా.

Metered స్విచ్ వేస్తే మొదటి రెండూ ఆగుతాయి, 14 జీబీ నిలుస్తుంది. గేమ్ లాంచర్ మాట వినదు కాబట్టి టాస్క్‌బార్ కుడిమూల చిన్న బాణం నొక్కి, అక్కడ దాక్కున్న దాని గుర్తు మీద రైట్ క్లిక్ చేసి Exit కొట్టాలి. కిటికీ మూసినంత మాత్రాన అది ఆగదు. ల్యాప్‌టాప్ తెరవగానే అదే మొదలయ్యేలా ఉంటే Task Manager లోని Startup apps లో దాన్ని Disable చేయాలి. కొడుకుతో వచ్చే తగాదా ఈ వ్యాసం పరిధిలోది కాదు. గూగుల్ డ్రైవ్ ప్రోగ్రామ్ ఉంటే దాని గుర్తు మీద నొక్కి Pause syncing ఎంచుకోవాలి. వాట్సాప్, టెలిగ్రామ్ ల్యాప్‌టాప్ వెర్షన్లలో ఫొటోలు, వీడియోలు తమంతట దిగే ఏర్పాటు ఫోన్‌లోని సెట్టింగ్‌తో సంబంధం లేకుండా వేరుగా ఉంటుంది. దాన్నీ ఆపుకోవాలి.

తర్వాత మీటింగ్. కెమెరాలు ఆపి మాట మాత్రమే నడిపితే జూమ్‌కు వచ్చేదానికీ పోయేదానికీ చెరో 80 కిలోబిట్లు చాలు. ఎక్సెల్ షీట్ తెర పంచుకోవడానికి మరో 75. అన్నీ కలిపి 235 కిలోబిట్లు, గంటకు 106 ఎంబీ. అదే మీటింగ్ నెలకు 15.8 జీబీ నుంచి 2.3 జీబీకి దిగింది. అయితే మన కెమెరా ఒక్కటి ఆపితే పైకి పోయేదే తగ్గుతుంది, ఎదుటివాళ్ల ముఖాలు దిగుతూనే ఉంటాయి. జూమ్‌లో వాళ్ల వీడియో రాకుండా చేసుకునే Stop incoming video అనే ఏర్పాటు ఉంది. దాన్ని చాలామంది వాడరు. మన కెమెరా ఆపడం కంటే ఎక్కువ మంది ఉన్న మీటింగ్‌లో ఇదే ముఖ్యం.

ఇప్పుడామె లెక్క ఫోన్‌కు 15, పనికి 4.4, మీటింగ్‌కు 2.3, మొత్తం 22 జీబీ లోపు. వారానికో మీటింగ్ కెమెరాతోనే పెట్టుకున్నా 25 దాటదు. మిగిలిన దాన్లో సినిమాలు చూసుకోవచ్చు.

సినిమా అనగానే ల్యాప్‌టాప్‌లో మరో లీకు. ఫోన్‌లో చూసే వీడియో, ల్యాప్‌టాప్‌లో చూసే వీడియో పేరుకు ఒకటే, బరువుకు కాదు. ఆటో నాణ్యత పెట్టి ఉంటే యూట్యూబ్ లాంటివి తెర ఎంత పెద్దదో, నెట్ ఎంత వేగంగా ఉందో చూసి నాణ్యత నిర్ణయించుకుంటాయి. ల్యాప్‌టాప్ తెర పెద్దది, 4జీ, 5జీ వేగం బాగానే ఉంటుంది. ఇంకేం, 1080పీ మొదలవుతుంది. నెట్‌ఫ్లిక్స్ తానే ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు నాణ్యతలో గంటకు 0.7 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు పోతుంది. అంటే రెండున్నర గంటల సినిమాకు హెచ్‌డీలో 7.5 జీబీ దాకా, మామూలు నాణ్యతలో 1.75 దాకా. పద్నాలుగు అంగుళాల తెర మీద పాఠమో ఇంటర్వ్యూనో చూసేవాళ్లకు 480పీ సరిపోతుంది. ఎక్సెల్ నేర్పే వీడియోలో అక్షరాలు చదవాల్సి వస్తే 720పీకి పెంచుకోవచ్చు. ప్లేయర్‌లోని చక్రం గుర్తు నొక్కి నాణ్యతను చేత్తో ఎంచుకోవాలి, ఆటో ప్లే ఆపాలి. ఆటో ప్లే ఆపకుండా నిద్రపోయినవాళ్ల కోటాలు ఎలా ఖాళీ అవుతాయో వేరే చెప్పాలా?

ఆండ్రాయిడ్‌లోని డేటా సేవర్ మీద కొందరికి పెద్ద భరోసా. అది కట్టడి చేసేది ఫోన్‌లోని యాప్‌లను మాత్రమే, హాట్‌స్పాట్ మీదుగా పోయే ల్యాప్‌టాప్ డేటాను కాదు. చాలా ఫోన్లలో డేటా సేవర్ వేసి ఉంటే హాట్‌స్పాట్ అసలు ఆన్ కాదు. ల్యాప్‌టాప్‌కు పనికొచ్చేది హాట్‌స్పాట్ సెట్టింగుల్లోనే ఉండే డేటా పరిమితి. శామ్‌సంగ్, షావోమీ సహా పలు కంపెనీల ఫోన్లలో ఇది ఉంటుంది. ఒక జీబీ అని పెడితే అంత వాడగానే హాట్‌స్పాట్ ఆగిపోతుంది లేదా హెచ్చరిస్తుంది. విండోస్ Data usage పేజీలోనూ Enter limit అని ఉంది. అది హెచ్చరిస్తుంది తప్ప నెట్‌ను కోసేయదు. కాబట్టి కాపలా ఫోన్‌లో పెట్టుకోవడమే మేలు.

ఇంకో జాగ్రత్త, మూత వేసిన ల్యాప్‌టాప్ గురించి. ఈమధ్య వచ్చే చాలా మోడళ్లు నిద్రావస్థలో కూడా వైఫైని వదలవు. ఎవరూ కలిసి లేకపోతే కాసేపటికి హాట్‌స్పాట్ దానంతటదే ఆగే ఏర్పాటు ఫోన్లలో ఉంది, కానీ ల్యాప్‌టాప్ కలిసే ఉంటే అది పనిచేయదు. పని అయ్యాక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపాలి. ల్యాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్ దగ్గర Connect automatically టిక్ తీసేయాలి.

అప్‌డేట్లు ఆపుకోవడం వేరు, మానేయడం వేరు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేస్తుంది, మనకు అప్పటికి రాత్రవుతుంది. వాటిని నెలల తరబడి వేసుకోకపోతే ల్యాప్‌టాప్‌లో తెలిసిన కన్నాలు తెరుచుకునే ఉంటాయి. ఆఫీసుకో, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చుట్టాలింటికో వెళ్లినప్పుడు Check for updates నొక్కి ఆ పని పూర్తిచేసుకోవడం పద్ధతి. రైల్వే స్టేషన్‌లో రైల్‌టెల్ ఉచిత వైఫై ఉంది కదా అనుకునేవాళ్లకు ఒక లెక్క. అది అరగంట పాటు ఒక మెగాబిట్ వేగంతో ఉచితం. పైన చెప్పిన సూత్రం ప్రకారం అరగంటకు 225 ఎంబీ. మెయిల్‌కు బాగుంటుంది, విండోస్ అప్‌డేట్‌కు చాలదు.

అన్‌లిమిటెడ్ 5జీ ఉన్నవాళ్లు ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. ఆ సదుపాయం ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. ఇంటి లోపలి గదిలో సిగ్నల్ తగ్గి ఫోన్ 4జీకి జారితే అక్కడి నుంచి ఖర్చు మామూలు కోటాలోంచే. ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టి, పైన 5జీ గుర్తు ఉందో లేదో చూసి పెద్ద ఫైళ్లు దించుకోవాలి. ప్లాన్ షరతుల్లో హాట్‌స్పాట్ గురించి ఏముందో కూడా చదవాలి. అమెరికాలో చదువుతున్న మన పిల్లలకైతే ఇది ఇంకా స్పష్టంగా ఎదురవుతుంది. అక్కడ ఫోన్‌కు అన్‌లిమిటెడ్ అన్న చాలా ప్లాన్లలో హాట్‌స్పాట్‌కు మాత్రం వేరే పరిమితి ఉంటుంది, అది దాటితే ల్యాప్‌టాప్ నెట్ నత్తనడకే.

ఇవన్నీ చేసినా చాలని సందర్భం ఒకటుంది. రోజుకు మూడు నాలుగు గంటలు కెమెరాతో తప్పనిసరి మీటింగులు ఉన్నవాళ్లకు, ఇద్దరు ముగ్గురు ఒకే హాట్‌స్పాట్ మీద చదువుకునే ఇళ్లకు ఏ సెట్టింగూ అరవై జీబీని సరిపెట్టలేదు. గంటకు 720 ఎంబీ చొప్పున రోజుకు నాలుగు గంటలంటే 22 రోజులకు 63 జీబీ, మీటింగులకే. అలాంటివాళ్లు అదనపు డేటా ప్యాక్‌లు కొనే డబ్బును ఫైబర్ కనెక్షన్‌కు మళ్లించుకోవడమే మంచిది. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో నెలకు 3.3 టీబీ, అంటే 3300 జీబీ పరిమితి మామూలుగా కనిపిస్తోంది.